ఉపవాసానికి ముందు మందుల డబ్బా తెరవండి: ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ ఎలా మొదలుపెట్టాలి, ఎవరు ఆగాలి

ఉదయం పదకొండున్నర అయి ఉంటుంది. మా మందుల షాపుకు తరచూ వచ్చే కిరాణా కొట్టు బాబాయ్ కౌంటరు పట్టుకుని నిలబడి, "ఒక గ్యాస్ మాత్ర ఇవ్వు నాయనా, ఏదో నలతగా ఉంది" అన్నారు. చొక్కా వీపంతా తడిసిపోయింది. డబ్బులు తీస్తున్న వేళ్లు వణుకుతున్నాయి. డిసెంబరు నెల, ఎండకు పట్టిన చెమట కాదది. పొద్దున ఏం తిన్నారని అడిగాను. "ఏమీ తినలేదు. మూడు రోజులుగా పదహారు గంటల ఉపవాసం చేస్తున్నాను. ఒంటిగంటకే భోజనం" అని కాస్త గర్వంగానే చెప్పారు. మరి షుగరు మాత్ర మాటేమిటి అంటే, "అదెందుకు మానేస్తాను? ఏడింటికే వేసుకున్నాను" అన్నారు.

గ్లూకోమీటరు పెట్టి చూస్తే 56 ఉంది. 70 కంటే తగ్గితేనే షుగరు పడిపోయినట్టు లెక్క. 54 కంటే దిగితే మెదడు పనితీరే తడబడుతుంది. బాబాయ్ ఆ అంచున నిలబడి గ్యాస్ మాత్ర అడుగుతున్నారు.

నేను డాక్టరును కాను, మందుల షాపు నడిపేవాడిని. కానీ రోజులో కొన్ని గంటల్లోనే తిని మిగతా సమయం కడుపు ఖాళీగా ఉంచే ఇలాంటి ఉపవాసాల్లో ఎవరికి ఏమవుతుందన్నది చాలావరకు వారి మాత్రల పట్టీ చూస్తే తెలిసిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో గంటల లెక్క కంటే ముందు మందుల లెక్క చెబుతాను. అది అర్థం కావాలంటే తిండి ఆపినప్పుడు లోపల ఏం జరుగుతుందో కొంత తెలియాలి.

తిండి ఆగాక లోపల జరిగేది

రాత్రి ఎనిమిదికి అన్నం తిన్నారనుకుందాం. అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని చూసి క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. ఇన్సులిన్ అంటే ఒక రకంగా "దాచుకోండి" అనే ఆజ్ఞ. కండరాలు, కాలేయం ఆ గ్లూకోజును గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి, మిగిలినది కొవ్వవుతుంది. ఈ ఆజ్ఞ నడుస్తున్నంతసేపూ కొవ్వు గోదాము తలుపు దాదాపుగా మూసే ఉంటుంది.

అర్ధరాత్రి దాటేసరికి తిన్నది అరిగిపోతుంది, ఇన్సులిన్ తగ్గుతుంది. దానికి ఎదురుగా పనిచేసే గ్లూకగాన్ అనే హార్మోను పైచేయి సాధించి, దాచినది బయటికి తీయమని కాలేయానికి చెబుతుంది. కాలేయంలో ఉండే గ్లైకోజెన్ సుమారు 100 గ్రాములు. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది. కండరాల్లో ఇంతకు నాలుగు రెట్ల నిల్వ ఉన్నా, అది ఆ కండరాల సొంత ఖర్చుకే. రక్తంలోకి వదిలే ఏర్పాటు వాటికి లేదు. అంటే తెల్లవారేసరికి కాలేయం నిల్వ సగానికి పైగా కరిగిపోయి ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి కాలేయం లాక్టేటు నుంచి, కొవ్వు విడిపోగా వచ్చే గ్లిజరాల్ నుంచి, కొంత కండరాల మాంసకృత్తుల నుంచి కొత్తగా గ్లూకోజు తయారుచేస్తూ ఉంటుంది.

ఇన్సులిన్ తగ్గే కొద్దీ కొవ్వు గోదాము తలుపు తెరుచుకుంటుంది. కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి వస్తాయి. గుండె, కండరాలు వాటితో నడవడం మొదలుపెడతాయి. 12 గంటలు దాటాక కాలేయం ఆ కొవ్వు నుంచి కీటోన్లను కొద్దికొద్దిగా తయారుచేస్తుంది, గ్లూకోజు సరిపోనప్పుడు మెదడు వీటితోనూ నడవగలదు. అయితే 16 గంటల ఉపవాసంలో వచ్చే కీటోన్లు చాలా తక్కువ. అవి మెదడుకు ప్రధాన ఇంధనం కావాలంటే రోజుల తరబడి తిండి మానాలి. "పన్నెండో గంటకు కొవ్వు కరిగే మీట పడుతుంది" అని చెప్పే వీడియోలు చూసి గడియారం వంక చూడకండి. అలాంటి మీట ఏదీ లేదు. అది కుళాయిని మెల్లగా తిప్పడం లాంటిది. ఎవరి కుళాయి ఎంత వేగంగా తిరుగుతుందన్నది రాత్రి ఏం తిన్నారు, ఎంత నడిచారు అన్నవాటిని బట్టి ఉంటుంది.

మరో మాట కూడా ఎక్కువగా వినిపిస్తుంది: ఆటోఫజీ. కణం తనలోని చెత్తను తానే తిని శుభ్రం చేసుకునే పద్ధతి ఇది. దీని కీలకాన్ని ఈస్టు కణాల్లో విప్పినందుకు యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతవరకు నిజం. కానీ మనిషికి సరిగ్గా 16వ గంటలో అది మొదలవుతుందని చెప్పడం ఈస్టు మీద తెలిసినదాన్ని మన ఒంటికి అంటించడమే. మీ ఒంట్లో అది జరిగిందో లేదో చెప్పే రక్తపరీక్ష మనం వెళ్లే మామూలు ల్యాబుల్లో లేదు.

మొదటి వారంలో బరువు దిగడాన్ని కూడా కాస్త అనుమానంగా చూడాలి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. నిల్వ కరిగితే నీరూ పోతుంది. దానికితోడు ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా వదిలేస్తాయి. తొలి వారంలో కిలో, కిలోన్నర తగ్గిందంటే అందులో చాలావరకు నీరే. ఆ రోజుల్లో వచ్చే తలనొప్పి, లేచి నిలబడగానే కళ్లు తిరగడం కూడా చాలావరకు ఈ ఉప్పు, నీళ్ల లోటు వల్లే.

ఇప్పుడు బాబాయ్ దగ్గరికి వద్దాం. ఈ కథంతా సవ్యంగా నడవాలంటే ఒక్క షరతు ఉంది: తిండి ఆగినప్పుడు ఇన్సులిన్ దానంతట అది తగ్గగలగాలి. ఆరోగ్యంగా ఉన్నవారికి అది తగ్గుతుంది. అందుకే టిఫిను మానేసినా షుగరు 75 దగ్గరో 80 దగ్గరో నిలబడుతుంది. ఆకలి వేస్తుంది, విసుగు వస్తుంది, అంతకుమించి ఏమీ కాదు. బాబాయ్ ఏడింటికి వేసుకున్న మాత్రలో ఉన్న గ్లిమెపిరైడ్ క్లోమాన్ని పిండి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. టిఫిను వస్తుందా రాదా అని అది చూడదు. ఒకవైపు కాలేయం నిల్వ అడుగంటుతుంటే, మరోవైపు "దాచుకోండి" అనే ఆజ్ఞ మోగుతూనే ఉంటుంది.

మొదటి అడుగు: పట్టీ మీద చిన్న అక్షరాలు చదవండి

మాత్రల పట్టీ మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది. దాన్ని వదిలేయండి. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందుల పేర్లు కావాలి. ఒకే మాత్రలో రెండు, మూడు మందులు కలిపి ఉండటం మన దగ్గర మామూలే. బాబాయ్ మాత్రలో మూడున్నాయి: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోజ్. అన్నీ కాగితం మీద రాసుకోండి.

గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్, గ్లిబెన్‌క్లామైడ్, గ్లిపిజైడ్. వీటిలో ఏది కనబడినా, లేదా మీరు ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకుంటున్నా, డాక్టరుతో మాట్లాడకుండా ఒక్క పూట తిండి కూడా మానకండి. మాత్ర మానేసి ఉపవాసం చేస్తానన్నా కుదరదు, షుగరు పైకి పోతుంది. మోతాదు, వేళ రెండూ మార్చాల్సింది డాక్టరే. వీటిలో గ్లిబెన్‌క్లామైడ్ మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. అది ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, మూత్రపిండాలు మందగించిన పెద్దవారిలో ఇంకా ఎక్కువసేపు ఉండి షుగరును పదేపదే పడేస్తుంది.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే షుగరు పడిపోవడం అరుదు, ఎందుకంటే అది ఇన్సులిన్‌ను పిండదు. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటి "గ్లిప్టిన్" మందులు కూడా ఒంటరిగా అంత ప్రమాదం కావు. పేరు మధ్యలో "గ్లి" వచ్చినంత మాత్రాన అన్నీ ఒకటి కావని గుర్తుంచుకోండి.

పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండేవి మరో రకం: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. పేటెంటు గడువు తీరి ధర దిగాక వీటి వాడకం బాగా పెరిగింది. గుండెకు, మూత్రపిండాలకు మేలు చేసే మంచి మందులే. ఇవి షుగరును మూత్రంలోకి వదిలేస్తాయి, దాంతోపాటు నీరూ పోతుంది. వీటిని వాడుతూ గంటలకొద్దీ తినకుండా ఉండి, అన్నం కూడా బాగా తగ్గిస్తే కీటోన్లు హద్దు మీరి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. ఇందులో మోసం ఏమిటంటే షుగరు 180 దగ్గరే కనిపించవచ్చు, ఇంట్లో అందరూ "షుగరు బాగానే ఉంది కదా" అనుకుంటారు. వికారం, వాంతులు, కడుపునొప్పి, గట్టిగా వేగంగా ఊపిరి తీయడం కనబడితే మీటరును నమ్మకండి. నేరుగా ఆసుపత్రికి వెళ్లి, ఏ మాత్ర వాడుతున్నారో ముందు చెప్పండి. ఉపవాసంతోపాటు, అన్నం లాంటి పిండిపదార్థాలను దాదాపు మానేసే కీటో డైట్ కూడా మొదలుపెట్టేవారికి ఈ మాట రెండుసార్లు చెబుతాను.

తర్వాత బీపీ మందులు చూడండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు (హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్) ఉంటే, ఉపవాసంలో ఎలాగూ పోయే ఉప్పు, నీరు ఇంకా ఎక్కువగా పోతాయి. మంచం మీంచి లేస్తూ పడిపోయేది ఇలాంటివారే. పేరు చివర "లాల్" ఉన్నవి, అంటే అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి, షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండె దడను, వణుకును కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది. వీటిని వాడేవారు అకారణంగా పట్టే చెమటనే హెచ్చరికగా తీసుకోవాలి.

రెండో అడుగు: అసలు మొదలుపెట్టకూడనివారు

మందులతో పని లేకుండానే ఆగాల్సినవారు కొందరున్నారు. గర్భిణులు మొదటివారు. గర్భంతో ఉన్నప్పుడు శరీరం తిండి లేని స్థితికి మామూలు కంటే చాలా త్వరగా చేరుకుంటుంది, కీటోన్లు త్వరగా పెరుగుతాయి. మామూలు మనిషికి ఒక పూట ఆలస్యం, ఆమెకు అంతకంటే పెద్ద ఉపవాసం. పాలిచ్చే తల్లికి పాల తయారీకే రోజూ గ్లూకోజు ఖర్చవుతుంది కాబట్టి, ప్రసవం తర్వాత పెరిగిన బరువు దించాలని తిండి గంటలు బిగించడం సరికాదు. తిండి మానేసి బలహీనపడి ఆసుపత్రిపాలైన బాలింతల ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

టైప్ 1 మధుమేహం ఉన్నవారు, గతంలో షుగరు పడిపోయి స్పృహ తప్పినవారు దీని జోలికి పోవద్దు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలూ అంతే. బరువు గురించి భయపడుతూ తిండిని దాచడం, తిన్నది కక్కడం లాంటి అలవాటు ఎప్పుడైనా ఉన్న ఆడపిల్లకు, మగపిల్లాడికి "తినకూడని గంటలు" అనే నియమం ఆ పాత గాయాన్ని మళ్లీ తెరుస్తుంది. ఇంట్లో అలాంటివారుంటే మీరు చేసే ఉపవాసం గురించి వారి ముందు గొప్పగా చెప్పకండి.

డెబ్బై దాటి సన్నబడుతున్న పెద్దవారికి నా మాట సూటిగా ఉంటుంది: మీకు తగ్గాల్సింది ఏమీ లేదు, కండ నిలబెట్టుకోండి. గౌటు ఉన్నవారు కూడా డాక్టరును అడగాలి, ఎందుకంటే కీటోన్లు పెరిగితే యూరిక్ ఆమ్లం మూత్రంలోకి పోవడం తగ్గి, బొటనవేలి నొప్పి తిరగబెట్టవచ్చు. పిత్తాశయంలో రాళ్లున్నవారికి గంటల తరబడి ఖాళీ కడుపు అంటే పిత్తం కదలకుండా నిలవ ఉండటమే. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకునేవారు వాటిని పరగడుపున వేసుకుంటే కడుపులో పుండు పడవచ్చు.

ఇక చేసే పని. గుంటూరు మిర్చి యార్డులో మే నెలలో బస్తాలు మోసే మనిషికి, రాత్రంతా లారీ నడిపే డ్రైవరుకు, ఎత్తున పనిచేసే తాపీ మేస్త్రీకి పదహారు గంటల నియమం అక్కర్లేదు. ఏసీ గదిలో కూర్చున్న మనిషికి కళ్లు తిరిగితే కుర్చీలో వాలిపోతాడు, స్టీరింగు దగ్గర ఉన్న మనిషికి ఆ వీలు లేదు.

"లంఖణం పరమౌషధం అన్నారు కదా" అని ఈ పాటికి ఎవరో అంటారు. ఆ మాట పుట్టినప్పుడు గ్లిమెపిరైడ్ లేదు. పైగా అది జ్వరం, అజీర్తి ఉన్నవాడికి చెప్పిన పథ్యం. మందులతో ఉపవాసం కలిసినప్పుడు ఏం చేయాలో నేర్చుకోవాలంటే రంజాన్ ఉపవాసాల దగ్గర నేర్చుకోవాలి. షుగరు ఉన్నవారు రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలనీ, ఎవరి ప్రమాదం ఎంతో తేల్చుకుని మాత్రల మోతాదు, వేళలు మార్చుకోవాలనీ అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏడాదికి ఒక నెల చేసేదానికే ఇంత కసరత్తు ఉంటే, వీడియో చూసి మర్నాటి నుంచి మొదలుపెట్టే దానికి కనీసం ఒక అపాయింట్‌మెంటు అవసరమే కదా.

మూడో అడుగు: టిఫిను మానకండి, రాత్రి భోజనం ముందుకు జరపండి

మందుల సంగతి తేలి, డాక్టరు సరేనన్నాక గంటలకు వద్దాం. అందరూ చేసేది టిఫిను ఎగ్గొట్టడం, ఎందుకంటే అది సులువు. దాని ఫలితం గురించి 2020లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన మాత్రం పెద్దగా ఊరించదు. 116 మందిలో కొందరిని పన్నెండు వారాలపాటు మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది మధ్యనే తినమన్నారు, మిగిలినవారిని మామూలుగా మూడు పూటలా తినమన్నారు. మొదటివారు సగటున కిలోకు కాస్త తక్కువ తగ్గారు, రెండోవారు సుమారు ముప్పావు కిలో తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. పైగా తగ్గినదాంట్లో కండ వాటా ఉండాల్సినదాని కంటే ఎక్కువగా కనబడింది.

2022లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మంది స్థూలకాయుల మీద ఏడాది పాటు జరిగిన పరిశోధనలో అందరికీ ఒకేలా తిండి కొలత తగ్గించి, సగం మందికి ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు మధ్య తినాలనే నియమం కూడా పెట్టారు. గంటల నియమం ఉన్నవారు ఎనిమిది కిలోలు, లేనివారు ఆరు కిలోలకు పైగా తగ్గారు, ఆ తేడా కూడా గణాంకాల దృష్టిలో తేల్చి చెప్పగలిగినంత లేదు. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది: గంటలు కుదించడం వల్ల కొందరు తక్కువ తింటారు, అందుకే తగ్గుతారు. రాత్రి పది గంటల మిక్చరు పొట్లం ఆగితే అదే పెద్ద లాభం.

అయితే వేళకు కొంత విలువ ఉంది. మధుమేహానికి దగ్గరగా ఉన్న ఎనిమిది మంది మగవారితో 2018లో చేసిన ఒక చిన్న పరిశోధనలో, రోజు తిండినంతా ఉదయం నుంచి మధ్యాహ్నం మూడు లోపు ముగించినప్పుడు బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది, రక్తపోటు దిగింది. ఎనిమిది మందే కాబట్టి దాన్ని శాసనంగా తీసుకోలేం. కానీ పొద్దున తిన్నదాన్ని శరీరం రాత్రి తిన్నదాని కంటే బాగా సర్దుకుంటుందన్న సంగతితో అది పొసగుతుంది.

కాబట్టి నేను చెప్పే పద్ధతి ఇది. మొదటి వారం రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు, పన్నెండు గంటలు. రాత్రి ఎనిమిది తర్వాత పాలు, పండు, బిస్కెట్టు ఏదీ వద్దు. రెండో వారం రాత్రి భోజనాన్ని ఏడున్నరకు, మూడో వారం ఏడింటికి తీసుకురండి. టిఫిను ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య. అక్కడికి పదమూడున్నర, పద్నాలుగు గంటలు అవుతుంది. చాలామంది ఇక్కడే ఆగవచ్చు. పదహారు అనే అంకెలో మంత్రమేమీ లేదు.

సాయంత్రం కూడా షుగరు మాత్ర ఉన్నవారికి ఇక్కడ ఒక మెలిక ఉంది. భోజనం ఏడింటికి జరిగాక తెల్లవారుజామున షుగరు పడిపోవచ్చు. నిద్రలో గుర్తు పట్టడం కష్టం: పీడకలలు, తడిసిన బనియను, లేవగానే తలనొప్పి. ఇవి కనబడితే రెండు మూడు రోజులు రాత్రి మూడింటికి అలారం పెట్టుకుని షుగరు చూసుకుని ఆ అంకెలు డాక్టరుకు చూపించండి.

దీనికి తలకిందులుగా ఇంకొకటి జరుగుతుంది. "పద్నాలుగు గంటలు ఏమీ తినలేదు, అయినా పరగడుపు షుగరు 148 వచ్చింది, మీ మీటరు తప్పు" అని వాదించేవారు నెలకొకరైనా వస్తారు. మీటరు తప్పు కాదు. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి కాలేయం చేత గ్లూకోజు వదిలిస్తాయి, మధుమేహం ఉన్నవారి ఒంట్లో దాన్ని ఆపేంత ఇన్సులిన్ ప్రభావం ఉండదు. దానికి జవాబు ఇంకో రెండు గంటలు పస్తుండటం కాదు.

నాలుగో అడుగు: తినే గంటల్లో ఏం తింటారు

ఉపవాసం ఉన్న గంటల్లో నీళ్లు, పాలూ పంచదారా లేని కాఫీ లేదా టీ తాగవచ్చు. రెండు చెంచాల పంచదార వేసిన టీ తాగితే ఇన్సులిన్ మళ్లీ లేస్తుంది, ఆ పూట ఉపవాసం అక్కడితో అయినట్టే. కళ్లు తిరుగుతుంటే ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తాగండి. నియమం చెడుతుందని చూడకండి. బీపీ ఎక్కువ ఉన్నవారు ఉప్పు విషయంలో డాక్టరు మాటే వినాలి.

తిండి పూటలు తగ్గితే ముందుగా తగ్గేది అన్నం కాదు, మాంసకృత్తులు. మన కంచంలో ఎలాగూ అవి మూలనే ఉంటాయి. అరవై కిలోల మనిషికి రోజుకు సుమారు అరవై గ్రాములు కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వండిన వంద గ్రాముల కోడిమాంసంలో పాతిక గ్రాముల దాకా ఉంటాయి. శాకాహారులైతే పప్పు, పెరుగు, శనగలు, సోయా అన్నీ లెక్కపెట్టి పెంచుకోవాల్సిందే. లేకపోతే కాలేయం తెల్లవారుజామున గ్లూకోజు కోసం తీసుకునే అప్పు మీ తొడ కండరం నుంచి పోతుంది. వారానికి రెండు మూడు సార్లు కుర్చీ లోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం లాంటి బలం పెంచే పని చేయండి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు లేని నీరసం వస్తుంటే తగ్గుతున్నది కొవ్వు కాకపోవచ్చు.

ఐదో అడుగు: ఎప్పుడు ఆపాలో ముందే రాసి పెట్టుకోండి

షుగరు మాత్రలు వాడేవారు మొదటి రెండు వారాలు పరగడుపున, టిఫినుకు లేదా మొదటి భోజనానికి ముందు, నిద్రపోయే ముందు చూసుకోవాలి. ఒంట్లో ఏమాత్రం తేడాగా ఉన్నా వెంటనే చూడాలి. 70 లోపు వస్తే ఉపవాసం అక్కడితో ఆపేయండి. 70, 90 మధ్య ఉండి ఇంకా గంటలు మిగిలి ఉంటే, గంటలోపు మళ్లీ చూడండి. 300 దాటినా ఆపాల్సిందే.

షుగరు పడిపోయినప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. ఇది అందరికీ తెలిసినదే. తెలియనిది ఒకటుంది, బాబాయ్ విషయంలో పనికొచ్చింది అదే. ఆయన మాత్రలో ఉన్న వోగ్లిబోజ్ పంచదార పేగుల్లో విడిపోవడాన్ని మందగింపజేస్తుంది. పంచదార నీళ్లు ఇస్తే అవసరమైన వేళకు షుగరు పైకి రాదు. వోగ్లిబోజ్, అకార్బోజ్ వాడేవారికి గ్లూకోజు పొడే ఇవ్వాలి. నేను మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి ఇచ్చాను. పావుగంటకు 56 నుంచి 79కి వచ్చింది. చెమట ఆగింది. వెంటనే పక్క హోటలు నుంచి ఇడ్లీలు తెప్పించాను, ఎందుకంటే గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది, గ్లూకోజు గంటలో అయిపోతుంది. ఆ రోజు సాయంత్రం దాకా రెండు గంటలకోసారి చూసుకోమని వారి అబ్బాయికి ఫోను చేసి చెప్పాను.

అదే చెమట షుగరు సరిగ్గా ఉన్నప్పుడు పడితే, ఛాతీ బరువుగా ఉంటే, గుండె సమస్య అనుకుని 108కి ఫోను చేయాలి. గ్యాస్ మాత్ర వేసుకుని చూద్దామనుకోకండి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు చాలు: ఈ మాత్రల్లో ఉపవాసంలో షుగరు పడేసేది ఏది, మొదటి భోజనం వేళ మారితే మాత్ర వేళ ఎలా మారాలి, ఎంత అంకె వస్తే మీకు ఫోను చేయాలి. బాబాయ్ డాక్టరు ఆయన మూడు మందుల మాత్రను ఆపి, గ్లిమెపిరైడ్ లేని మాత్ర రాశారు. రాత్రి భోజనం ఏడింటికి, టిఫిను ఎనిమిదిన్నరకు, మధ్యాహ్న భోజనం ఒంటిగంటన్నరకు పెట్టుకున్నారు. మూడు నెలల్లో 78 కిలోల నుంచి 75కి వచ్చారు. కొట్టు మూసే ముందు కారప్పూస తినడం మానేయడం వల్లే అంత తగ్గానని ఆయనే ఒప్పుకున్నారు.

మళ్లీ కార్తీకం వచ్చింది. మొదటి సోమవారానికి వారం ముందే వచ్చి, "నక్షత్రం చూసేదాకా ఉండొచ్చా నాయనా?" అని అడిగారు. డాక్టరుగారిని అడగమన్నాను. మధ్యాహ్నం పాలు, పండ్లు తీసుకుని, మీటరు దగ్గర పెట్టుకుని ఉండమన్నారట. సోమవారం సాయంత్రం నాలుగింటికి ఫోను చేశారు. "76 ఉంది" అన్నారు. మరి ఏం చేశారు బాబాయ్ అంటే, "ఏం చేస్తాను, రెండు అరటిపళ్లు తిని నీకు ఫోను చేస్తున్నా" అన్నారు.